విరహ పాశురాన్ని ఎలా చదవాలి? శంఖాన్ని నిలదీసిన గోదాదేవి పాటతో

దేవుణ్ణి ప్రియుడిగా భావించి రాసిన కవిత్వం చదివేటప్పుడు చాలామంది మొదటి నిమిషంలోనే పని ముగించేస్తారు. ఒక పద్యం చదవగానే ఎవరో ఒకరు "ఇది జీవాత్మ పరమాత్మ కోసం పడే ఆరాటం" అంటారు. అందరూ తల ఊపుతారు, పేజీ తిప్పేస్తారు. ఆ మాట తప్పు కాదు. కాకపోతే ఆ ఒక్క మాట ఏ పద్యానికైనా సరిపోతుంది కాబట్టి, మన చేతిలో ఉన్న పద్యం గురించి అది ఏమీ చెప్పదు. ఇలాంటి పాటను ఎలా చదవాలో ఒకే ఒక్క ఉదాహరణతో చెబుతాను. గోదాదేవి, అంటే ఆండాళ్, రాసిన "నాచ్చియార్ తిరుమొళి"లో ఏడో దశకం, అంటే పది పాశురాల ఏడో భాగం అది.

కావలసినవి

తమిళ మూలం తెలుగు లిపిలో ఉండి, కింద ప్రతిపదార్థం ఉన్న పుస్తకం ఒకటి, పెన్సిల్ ఒకటి. అంతే. తెలుగు పద్యాల్లోకి మార్చిన అనువాదం వద్దు. ఛందస్సు కోసం అనువాదకుడు చేర్చిన విశేషణాలు మీ దారి మళ్లిస్తాయి. పాడిన రికార్డింగ్ కూడా మొదట వినకండి. రాగం మీకంటే ముందే భావాన్ని తేల్చేస్తుంది. చదవడం అయ్యాక ఎంతసేపైనా వినండి.

చోటు చూసుకోవడం

గోదాదేవి రాసిన తిరుప్పావైలో ముప్పై పాశురాలు. నాచ్చియార్ తిరుమొళిలో 143 పాశురాలు, పద్నాలుగు భాగాలు. ధనుర్మాసం పుణ్యమా అని మొదటిది అందరికీ తెలుసు. రెండోదానిలో ఆరో భాగం "వారణమాయిరం" మాత్రం వైష్ణవుల పెళ్లిళ్లలో వినిపిస్తుంది. అందులో ఆమె తన పెళ్లిని కలగంటుంది. మద్దెల మోగుతుంటే, శంఖాలు ఊదుతుంటే, ముత్యాల దండలు వేలాడే పందిరి కింద మధుసూదనుడు వచ్చి తన చెయ్యి పట్టుకున్నాడని చెలికి చెబుతుంది.

ఆ వెంటనే వచ్చేదే మన ఏడో భాగం. దీన్ని విడిగా చదవకూడదు. కలలో ఊదిన శంఖం ఇప్పుడు ఎదురుగా ఉంది. కలలో ఆమెకు దక్కింది ఆయన చెయ్యి. శంఖం ఉండేది కూడా ఆయన చేతిలోనే, కానీ అది అక్కడితో ఆగదు, నోటిదాకా వెళ్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుని ముందుకు వెళ్లండి.

పైకి చదవడం

మూడుసార్లు పైకి చదవండి. మొదటిసారి అర్థం పట్టించుకోకండి. రెండోసారి ప్రతిపదార్థం చూసుకోండి. మూడోసారి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడండి. మొదటి పాశురం ఇలా మొదలవుతుంది:

"కరుప్పూరం నాఱుమో, కమలప్పూ నాఱుమో"

పాశురం మొత్తం భావం ఇది: పచ్చకర్పూరం వాసన వస్తుందా, తామరపువ్వు వాసన వస్తుందా? పగడంలాంటి ఆ ఎర్రని నోరు తియ్యగా ఉంటుందా? ఏనుగు దంతం విరిచిన మాధవుడి నోటి రుచీ, వాసనా ఎలా ఉంటాయో ఆశపడి అడుగుతున్నాను, చెప్పు, సముద్రపు తెల్లశంఖమా!

తెలిసింది, తెలియనిది

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. ఆమెకు తెలిసిన విషయాల కింద గీత గీయండి, తెలియని వాటి చుట్టూ సున్నా చుట్టండి. నేను ఏ విరహగీతం చదివినా ముందు చేసేది ఇదే. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. అలంకారాల పేర్లు వెతకడం, నాయిక ఏ రకమో తేల్చడం లాంటివి పరీక్షలకు పనికొస్తాయేమో, ఈ పాట దగ్గరికి మాత్రం తీసుకెళ్లవు.

గీతలు గీశాక ఏం కనిపిస్తుంది? ఆయన మధురలో కువలయాపీడం అనే ఏనుగు దంతం విరిచిన సంగతి ఆమెకు తెలుసు. శంఖం సముద్రంలో పుట్టిందనీ, పంచజనుడనే రాక్షసుడి ఒంట్లో పెరిగిందనీ తెలుసు. రెండో పాశురంలో ఆ కథంతా శంఖానికే గుర్తు చేస్తుంది. అంటే పురాణం మొత్తం ఆమె నోట్లోనే ఉంది. సున్నాలు చుట్టినవి మాత్రం వాసన, రుచి. ఎంత చదివినా, ఎవరు చెప్పినా తెలియనివి ఆ రెండే. ఆమె విరహానికి ఆకారం ఇక్కడ దొరుకుతుంది: దేవుడి గురించి అన్నీ తెలిసిన మనిషికి దేవుడు మాత్రం అందలేదు.

"పరమాత్మ కోసం ఆరాటం" అని ముందే అనేసి ఉంటే ఈ సంగతి కనిపించేది కాదు. ఆరాటం అని తెలిసేది కానీ, ఆ ఆరాటం దేని దగ్గర ఆగిపోయిందో తెలిసేది కాదు.

అసలు కష్టమైన చోటు: దాటడం

ఇక్కడ నెమ్మదించండి. పాట పాడు కావడమంటూ జరిగితే ఇక్కడే జరుగుతుంది. ప్రియుడి నోటి నుంచి దేవుడి దాకా ఎలా వెళ్లాలి? ఎక్కడ దాటాలి?

ఎక్కువమంది చేసే తప్పు ఒక పట్టిక తయారు చేయడం. పెదవి అంటే కృప, శంఖం అంటే గురువు, కర్పూరం అంటే జ్ఞానం, తామర అంటే భక్తి. ఇలా వరసగా పక్కపక్కన రాసేస్తే చదవడం అయిపోయిందనుకుంటారు. ఇలా చేసినప్పుడు తప్పు జరిగిందని కనిపెట్టడం తేలికే. మీ పట్టిక రాసుకున్నాక పాశురాన్ని మూసేసి చూడండి. పాశురం లేకుండా కూడా మీ పట్టిక చక్కగా నిలబడుతుంటే, మీరు పాశురాన్ని చదవలేదు. "గురువు ద్వారా కృప లభిస్తుంది" అని చెప్పడానికి ఆమె వాసన గురించి అడగాల్సిన పని లేదు. సిగ్గు విడిచి నోటి రుచి గురించి అడిగిందంటే ఆ అడగడమే ముఖ్యం.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటి. "ఇది మామూలు ప్రేమ కవితే, పైన దేవుడి పేరు అంటించారు" అనడం. ఇలా అనేవాళ్లు ధైర్యంగా చదువుతున్నామనుకుంటారు. నా దృష్టిలో పట్టిక రాసేవాళ్లెంత తొందరపడ్డారో వీళ్లూ అంతే తొందరపడ్డారు. ఈ మాట నిజమో కాదో తేల్చడానికి పాటలోనే పరీక్ష ఉంది. మాధవుడి పేరు తీసేసి మామూలు మనిషి పేరు పెట్టి పది పాశురాలూ చదవండి. ఎక్కడ పాట విరుగుతుందో చూడండి. విరిగిన చోటే మీరు దాటాల్సిన చోటు. అంతకు ముందు దాటొద్దు.

చేసి చూద్దాం. మొదటి పాశురం పెద్దగా విరగదు. ఏనుగు దంతం విరిచాడనడం ఒక వీరుడికీ సరిపోతుంది. నోటి వాసన ఏ ప్రేమికురాలైనా అడగవచ్చు. కాబట్టి ఇక్కడ దాటకండి. ఇక్కడ ఆమె ఒక అమ్మాయి, ఆయన ఆమెకు దక్కని మనిషి, అంతే. ఆ వేడిని అలాగే ఉండనివ్వండి. మధ్య పాశురాల్లో శంఖం అదృష్టాన్ని ఆమె పొగుడుతూ పోతుంది, ఆ పొగడ్తలో అసూయ పెరుగుతూ వస్తుంది. ఇంకా దాటకండి.

ఎనిమిదో పాశురంలో కొంచెం కదులుతుంది. నీకు తిండి లోకాలు కొలిచినవాడి నోటి అమృతం, నువ్వు పడుకునేది సముద్రవర్ణుడి అరచేతిలో, ఆడవాళ్లంతా నీ మీద పెద్ద గొడవ చేస్తున్నారు అంటుంది. లోకాలు కొలిచిన అంత పెద్దవాడూ, శంఖం అన్నం తిన్నట్టు తినే నోరూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మామూలు మనిషి పేరు ఇక్కడ బిగుతవుతుంది, అయినా అతిశయోక్తి అని సర్దుకోవచ్చు.

తొమ్మిదో పాశురంలో మాత్రం సర్దుకోలేం. పదహారు వేలమంది దేవేరులు చూస్తూ ఉంటే, అందరికీ ఉమ్మడిగా దక్కాల్సిన మాధవుడి నోటి అమృతాన్ని నువ్వొక్కదానివే తేనె తాగినట్టు తాగేస్తే వాళ్లు నీతో పోట్లాడరా అని అడుగుతుంది. ఇక్కడ ఆగి ఆ ఫిర్యాదు ఏమిటో చూడండి. మామూలు ప్రేమలో అసూయపడే మనిషి "అతను నావాడు" అంటుంది. ఈమె ఆ మాట అనలేదు. "అది అందరిదీ, నువ్వొక్కదానివే తాగుతున్నావు" అంది. ప్రియుడి ముద్దును ఉమ్మడి ఆస్తి అనే ప్రేయసి ఎక్కడుంటుంది? మనిషి పేరు పెట్టి చదివితే ఈ వాక్యం నిలబడదు. ఒక్కరికి దక్కితే మిగతావాళ్లకు తరిగిపోయే ప్రేమ కాదిది, అందరికీ పంచాల్సిన ప్రేమ. దైవం ఇక్కడ వచ్చింది, ఆమె అసూయ లోపలినుంచే వచ్చింది.

దాటాక కూడా ఒక జాగ్రత్త. వెనక్కి వెళ్లి మొదటి పాశురాన్ని మళ్లీ చదవండి, కానీ ఇప్పుడు దాన్ని కడిగి శుభ్రం చేయకండి. ఆ నోరు నోరుగానే ఉండాలి. కర్పూరం మనం ఆయనకు సమర్పించే పరిమళం. తామర ఆయన సహజ పరిమళం. మనం ఇచ్చిన వాసన వస్తుందా, ఆయన సొంత వాసన వస్తుందా అని ఆమె అడుగుతున్నట్టు నాకు అనిపిస్తుంది. నోటిని వదిలేసి కృప అనుకుంటే ఈ ప్రశ్నే పుట్టదు. ఇంకో సంగతి గమనించండి: పది పాశురాల్లో శంఖం ఒక్కసారి కూడా బదులు చెప్పదు. దాని తరఫున మీరు జవాబు చెప్పేయకండి.

వ్యాఖ్యానం ఎప్పుడు?

ఇదంతా అయ్యాకే. వైష్ణవ ఆచార్యుడు పెరియవాచ్చాన్ పిళ్ళై రాసిన వ్యాఖ్యానం ఉంది, తప్పక చదవాల్సిందే, కానీ ముందు చదివితే మీ కళ్లకు పని ఉండదు. మీ గీతలు, సున్నాలు పక్కన పెట్టుకుని చదవండి, ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో చూసుకోండి.

ఈ పద్ధతి అన్ని చోట్లా ఇంత తేటగా పని చేయదు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి పేరు ముద్రగా వస్తుంది. ఆ ముద్ర ఉంది కదా అని దాటేయకూడదు, పదం లోపల విరిగే చోటు దొరికితేనే దాటాలి, దొరకని పదాలను ప్రేమ పాటలుగానే ఉంచాలి. హాఫిజ్ పారసీ గజళ్లలో ప్రియుడెవరో తేలనివి ఎన్నో. అక్కడ పేరు మార్చి చూసే పరీక్షకు ఆస్కారమే లేదు, రెండు అర్థాలనూ తెరిచి ఉంచుకుని చదవాలి.

గోదాదేవితోనే కొనసాగాలనుకుంటే ఎనిమిదో భాగం తీసుకోండి. అందులో ఆమె వేంకటాద్రి మీద కమ్ముకున్న మేఘాలతో కబురు పంపుతుంది. మళ్లీ అవే గీతలు, అవే సున్నాలు. ఈసారి మాత్రం మేఘాలకు ఆమె ఏం తెలుసనుకుంటోంది, తనకు ఏం తెలియదనుకుంటోంది అన్నది వేరువేరుగా గుర్తు పెట్టుకోండి.