ఇన్వర్టర్ పదేపదే ఆగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు గీజర్, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్ సంగతి చూడండి

పోయిన చలికాలం మా పెద్దమ్మ వాళ్లింట్లో పొద్దున పూట ఒకటే గొడవ. కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకునేది, ఫ్యాన్లు, లైట్లు నడిచేవి. కాసేపటికి కుయ్ కుయ్‌మని అరిచి అంతా ఆగిపోయేది. సాయంత్రం కరెంటు పోతే మాత్రం రెండు గంటలైనా ఏ ఇబ్బందీ లేదు. చూడటానికి వచ్చినతను "బ్యాటరీ పోయిందమ్మా, కొత్తది వేయించుకోండి" అన్నాడు. ఆ బ్యాటరీ కొని రెండేళ్లు కూడా కాలేదు.

బ్యాటరీ పాడైతే సాయంత్రం కూడా ఆగిపోవాలి కదా? పొద్దున మాత్రమే జరిగేదేమిటని చూస్తే, స్నానాలు. గీజర్ సాకెట్ ఇన్వర్టర్ లైన్‌లో ఉంది. కరెంటు పోయే సమయానికి నీళ్లు వేడెక్కి ఉంటాయి కాబట్టి గీజర్‌లోని థర్మోస్టాట్ ఆఫ్‌లో ఉంటుంది. ఎవరో ఒకరు స్నానం చేశాక ట్యాంకులోకి చన్నీళ్లు వస్తాయి, థర్మోస్టాట్ తనంతట తానే ఆన్ అవుతుంది. 2000 వాట్ల లోడ్ ఒక్కసారిగా ఇన్వర్టర్ మీద పడుతుంది. వాళ్లది 900 వీఏ ఇన్వర్టర్. అది ఇవ్వగలిగేది సుమారు 700 వాట్లు. ఓవర్‌లోడ్ లైటు వెలిగి ఆగిపోవడం దాని తప్పు కాదు, తనను తాను కాపాడుకుంటోంది.

ఇస్త్రీపెట్టె పెడితే 'లో బ్యాటరీ' అని చూపిస్తోంది

చిన్న ఇస్త్రీపెట్టె 750 వాట్లే కాబట్టి కొంచెం పెద్ద ఇన్వర్టర్ దాన్ని మోయగలదు. ఇబ్బంది బ్యాటరీ దగ్గర వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 750 వాట్లు లాగాలంటే, మధ్యలో పోయేది కూడా కలుపుకుంటే, 75 ఆంపియర్ల దాకా కావాలి. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి ఉండేది మామూలుగా 20 గంటల లెక్క, అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా వాడితే వచ్చేది. దానికి పదింతలు లాగితే అంత నిల్వ చేతికి రాదు, వోల్టేజ్ కూడా గబుక్కున పడిపోతుంది. ఇన్వర్టర్ అది చూసి చార్జింగ్ అయిపోయిందనుకుంటుంది. ఇస్త్రీపెట్టె ప్లగ్ తీసి, ఇన్వర్టర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఫ్యాన్లు మళ్లీ చాలాసేపు నడిచాయంటే బ్యాటరీ మార్చే తొందరేమీ లేదు.

ఇలా రోజూ చేస్తుంటే బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర తెలుస్తుంది. బోల్టు కొంచెం వదులుగా ఉన్నా అక్కడ వేడెక్కి, వైరు మీది తొడుగు మెత్తబడి రంగు మారుతుంది.

తక్కువ మీద పెట్టుకుంటే సరిపోతుందా?

చాలామంది ఇక్కడే మోసపోతారు. ఇస్త్రీపెట్టె గుండ్రటి మీటను నైలాన్ మీదికి తిప్పినా 750 వాట్లు 300 కావు. వెలిగినంతసేపూ పూర్తి 750 లాగుతుంది, కాకపోతే త్వరగా ఆరిపోతుంది. ఇండక్షన్ స్టవ్ కూడా చాలా మోడళ్లలో అంతే. 300 మీద పెడితే కొన్ని సెకన్లు ఎక్కువ పవర్‌తో పనిచేసి, కొన్ని సెకన్లు ఆగుతుంది. గిన్నెలో నీళ్లు ఒక్కసారి బుడగలు వచ్చి, అణిగి, మళ్లీ బుడగలు రావడం చూసే ఉంటారు. ఆ పనిచేసే కొద్ది సెకన్లే ఇన్వర్టర్‌ని పడగొడతాయి. కెటిల్, నీళ్లలో పెట్టే హీటర్ రాడ్, టోస్టర్ కూడా వీటితోనే లెక్క.

వీధిలో కరెంటు ఉంది, మన ఇల్లు మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది

"కరెంటు ఉన్నప్పుడే గీజర్ వేస్తాం కదా" అంటారు. కానీ గీజర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉంటే, కరెంటు ఉన్నప్పుడు కూడా అది ఇన్వర్టర్ లోపలి రిలే గుండానే వెళుతుంది. గీజర్‌కి దాదాపు 9 ఆంపియర్లు, దాని మీద బ్యాటరీ చార్జింగ్, ఫ్యాన్లు. ఇదంతా ఇన్వర్టర్ ప్లగ్ ఒక్కటే మోయాలి. దాంతో ఇన్వర్టర్ వెనకున్న ఫ్యూజ్ గాని, బ్రేకర్ గాని పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయిందనుకుని ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి మారిపోతుంది. గోడకున్న ప్లగ్ గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా గీజర్ వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఫ్యూజ్ మళ్లీ మళ్లీ వేసి నెట్టుకురావద్దు.

ఏ సాకెట్ ఏ లైన్‌లో ఉందో ఇలా చూడండి

గీజర్, ఇస్త్రీపెట్టె అన్నిటి ప్లగ్‌లూ తీసేయండి. కరెంటు ఉన్నప్పుడే మెయిన్ స్విచ్ ఆపండి. ఇప్పుడు ఇంట్లో పనిచేసేదంతా ఇన్వర్టర్ లైన్. ఒక చిన్న నైట్ ల్యాంప్‌ని ఒక్కో సాకెట్‌లో పెట్టి చూడండి. బాత్రూమ్‌లో, వంటింట్లో పెద్ద సాకెట్లలో అది వెలిగిందంటే దోషం దొరికినట్టే. ఆ సాకెట్ ఫేజ్‌ని ఇన్వర్టర్ లైన్ నుంచి తీసి, విడిగా ఒక ఎంసీబీ పెట్టి, నేరుగా మెయిన్ లైన్‌కి కలపాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ వైర్లలో 230 వోల్టులు ఉంటాయి, కాబట్టి అతను పని మొదలుపెట్టే ముందు ఇన్వర్టర్‌ని ఆపి, దాని ప్లగ్ కూడా తీయించండి.

పెద్దమ్మ వాళ్లింట్లో ఆ ఒక్క వైరే మార్చారు. బ్యాటరీ ఇప్పటికీ పాతదే.