దూరపు స్నేహాన్ని రాయడం: మూడో పాఠం – రెండు గడియారాల నడుమ మోగే ఫోను

గత పాఠంలో కథను ఎవరి వైపు నుంచి చెప్పాలో నిర్ణయించుకున్నాం. శ్రీకాకుళంలో ఉంటున్న ఒక ఉపాధ్యాయురాలు కథ చెబుతుంది. ఆమెతో కలిసి డిగ్రీ చదివిన స్నేహితురాలు న్యూజెర్సీలో ఉంటుంది. ఈ పాఠంలో చేయవలసిన పని ఒక్కటే: వాళ్ల ఫోను రెండు ఊళ్లలోనూ ఏ వేళకు మోగిందో తప్పు లేకుండా లెక్కగట్టడం, ఆ వేళను వీలైనంత వరకు అంకెలతో కాక వెలుతురుతో చెప్పడం.

ముందు లెక్క చూద్దాం. చలికాలంలో న్యూజెర్సీ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి నెల రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు అక్కడి వాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. అప్పటి నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు తేడా తొమ్మిదిన్నర గంటలే. మన దేశంలో గడియారం ఏడాది పొడవునా కదలదు కనుక, ఈ మార్పు శ్రీకాకుళంలో ఉన్నవాళ్లకు ఏ క్యాలెండరులోనూ కనిపించదు. ఫోను గంట ముందో వెనకో మోగినప్పుడే తెలుస్తుంది. రచయితకు పనికొచ్చే చోటు సరిగ్గా అదే.

2025 మార్చిని తీసుకుందాం. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, ఆకాశం నిర్మలంగా ఉంటే ఉదయపు కిరణాలు కొద్ది నిమిషాల పాటు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ సంవత్సరం మార్చి 9 ఆదివారం. అమెరికాలో గడియారం మారిన రోజు కూడా అదే. ఆ ఆదివారం ఉదయం శ్రీకాకుళంలో ఆరు గంటలైనప్పుడు న్యూజెర్సీలో ఇంకా శనివారమే, రాత్రి ఏడున్నర. గడియారం మారడానికి అప్పటికి కొన్ని గంటల వ్యవధి ఉంది. అందువల్ల స్నేహితురాలు ఆ రాత్రి ఏడున్నరకు చేసిన ఫోను సరిగ్గా కిరణాల వేళకే మోగింది. గుడి దగ్గర రద్దీ వల్ల మాట సాగలేదు. "రేపు మళ్లీ ఇదే టైముకి చేస్తాను" అని పెట్టేసింది. మరునాడు కూడా తన చేతిలోని ఫోను ఏడున్నర చూపగానే చేసింది. ఆ ఫోను అర్ధరాత్రి దాటాక తనంతట తానే గంట ముందుకు జరిగిపోయిందన్న సంగతి ఆమె మనసులోని లెక్కకు అందలేదు. శ్రీకాకుళంలో అప్పుడు సోమవారం ఉదయం అయిదు గంటలు మాత్రమే. దీన్ని సన్నివేశంగా రాస్తే ఇలా ఉండవచ్చు.

ఫోను మోగేసరికి కిటికీ అవతల ఇంకా చీకటిగానే ఉంది. వీధిలో ఎవరో కళ్లాపి చల్లుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఏటే, ఇంకా గుడికి వెళ్లనేదా? కిరణాలు వచ్చేసే వేళ కదా!"

"సూరీడే లేవనేదు, కిరణాలెక్కడివే? ఇప్పుడే కదా అయిదయింది."

అవతల కాసేపు మాట లేదు. కర్టెను పక్కకు లాగిన చప్పుడు వినిపించింది.

"నిన్న ఈపాటికి ఇక్కడ చీకటి పడిపోనాది. ఇయ్యాల పడమర ఇంకా ఎర్రగానే ఉంది."

"అయితే మీ గడియారం మారిపోనాది కామోసు."

దానికి అది నవ్వింది. నేను ఫోనును అరుగు మీద పెట్టి, స్పీకరు నొక్కి, ముగ్గు వేయడం మొదలుపెట్టాను. ఆటో ఎక్కడానికి ఇంకా చాలా సమయం ఉంది.

ఇందులో చెప్పిన గంట ఒకటే, అది కూడా సంభాషణలో సహజంగా వచ్చింది. న్యూజెర్సీ సమయాన్ని అంకెగా ఎక్కడా చెప్పలేదు. పడమటి ఎరుపు దాన్ని చెప్పింది. ఆ ఎరుపు అలంకారం కోసం పెట్టింది కాదు. ఆ రోజుల్లో న్యూజెర్సీలో సూర్యాస్తమయం పాత గడియారం ప్రకారం సుమారు ఆరు గంటలకు జరుగుతుంది, కొత్త గడియారం ప్రకారం సుమారు ఏడుకు. కాబట్టి శనివారం ఏడున్నరకు పూర్తి చీకటి, ఆదివారం ఏడున్నరకు ఇంకా కొంత వెలుగు. ఆకాశం తన మామూలు దారిన తాను ఉంది. పొరపాటు గడియారానిదని పాత్రకు తెలిసేది ఆ వెలుగు వల్లనే. మీరు రాసే సన్నివేశంలోనూ వెలుతురుకు ఇలాంటి పని ఒకటి ఉండాలి. పని లేకుండా అటు సూర్యోదయాన్నీ ఇటు సూర్యాస్తమయాన్నీ ఎదురెదురుగా నిలబెట్టడం ఈ విషయం మీద రాసేవారందరికీ అలవాటైపోయింది, చదివేవారికి విసుగు కూడా పుట్టింది.

రోజులను తెలిపే మాటల దగ్గర ఎక్కువ తప్పులు దొర్లుతాయి. పై సంభాషణలో స్నేహితురాలు "నిన్న" అన్నది తన శనివారాన్ని, "ఇయ్యాల" అన్నది తన ఆదివారాన్ని. వింటున్నామెకు అప్పటికే సోమవారం. మాట్లాడే మనిషి తన రోజునే పలుకుతుంది, కథ చెప్పే గొంతు మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఒకే ఊరి రోజుకు కట్టుబడి ఉండాలి. కథనంలో ఒక వాక్యం శ్రీకాకుళం సోమవారంలోనూ తరువాతి వాక్యం న్యూజెర్సీ ఆదివారంలోనూ నడిస్తే పాఠకుడు వేళ్లు మడిచి లెక్క వేసుకోవడం మొదలుపెడతాడు, అక్కడితో కథ ఆగిపోతుంది. ప్రతి ఫోనుకూ రెండు ఊళ్ల సమయాలు రాసుకుంటూ పోతే అది రైళ్ల టైంటేబులులా తయారవుతుంది. ఆ పట్టిక మీ నోటుపుస్తకంలో తప్పక ఉండాలి, కథలోకి రాకూడదు.

గంట తేడా వచ్చినప్పుడు దాని భారం ఎవరి మీద పడిందో కూడా గమనించండి. ఫోను న్యూజెర్సీ గడియారానికి కట్టుబడి ఉంటే శ్రీకాకుళంలో నిద్ర చెడుతుంది. శ్రీకాకుళం గడియారానికి కట్టుబడి ఉంటే న్యూజెర్సీలో రాత్రి గంట ఆలస్యమవుతుంది. ఏళ్ల తరబడి ఎవరి వేళకు ఎవరు సర్దుకున్నారన్నది ఆ స్నేహం గురించి చాలా చెబుతుంది, కాని దాన్ని నేరుగా చెప్పవద్దు. పై సన్నివేశంలో నిద్ర చెడినామె విసుక్కోకుండా ముగ్గు వేస్తూ మాట్లాడడమే అందుకు చాలు. అనుకోకుండా దొరికిన ఆ గంటలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారన్నది తరువాతి పాఠంలో చూద్దాం.

ఒక పరిమితిని కూడా చెప్పాలి. మన జిల్లాల నుంచి గల్ఫుకు వెళ్లినవారు ఎందరో ఉన్నారు. వారి కథకు ఈ ఉపాయం పనికిరాదు. దుబాయి మనకంటే గంటన్నర, సౌదీ అరేబియా రెండున్నర గంటలు వెనక ఉంటాయి. రెండు చోట్లా గడియారం మారదు. అక్కడ ఫోనును నడిపేది మిత్రుడి షిఫ్టు, సెలవు రోజు. వేళను వెలుతురుతో కాక, డ్యూటీ దిగిన అలసటతోనో, గదిలో పక్కవాళ్లు నిద్రపోతున్నందువల్ల తగ్గించుకున్న గొంతుతోనో చెప్పవలసి ఉంటుంది.

అభ్యాసం: భోగి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు విజయనగరంలో ఒక వీధిలో మంట వేశారు. అదే నిమిషానికి న్యూజెర్సీలో మిత్రుడు ఫోను ఎత్తాడు. జనవరి కనుక పదిన్నర గంటల తేడాతో లెక్కకట్టండి. అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరవుతుంది, చీకటి పడి ఉంటుంది. రెండు వైపులా చీకటే కనుక పై సన్నివేశంలో మనకు సాయపడిన వెలుతురు ఇక్కడ దొరకదు. ఒకటి తెల్లవారబోయే చీకటి, మరొకటి అప్పుడే పడిన చీకటి అని శబ్దాల ద్వారా మాత్రమే తెలిసేలా పదిహేను వాక్యాలకు మించకుండా రాయండి. రాశాక గంటలు చెప్పిన మాటలన్నీ కొట్టివేసి, కథ తెలియని ఒకరికి చదివి వినిపించి, ఏ ఊళ్లో ఏ వేళో అడగండి. వారు తడబడిన వాక్యాన్ని మాత్రమే మార్చండి.