వైకల్యం ఉన్న పాత్రను ఎలా చూడాలి?

సినిమా చూస్తూ ముందుగా ఒక్కటి అడగండి: ఈ పాత్ర తన గురించి తానే నిర్ణయాలు తీసుకుంటోందా? 'ఊపిరి' (2016)లో నాగార్జున పాత్రకు మెడ కింద కదలిక ఉండదు. అయినా తనను చూసుకునే మనిషిని తానే ఎంచుకుంటాడు, అదీ జాలి చూపించని కార్తి పాత్రను. చివరికి చక్రాల కుర్చీలోనే ఉంటాడు, అద్భుతంగా లేచి నడవడు. ఈ రెండింటికీ మంచి మార్కులే వేస్తాను.

ఇప్పుడు ఇబ్బందిపెట్టే ప్రశ్న: ఆ పాత్ర దగ్గర డబ్బు లేకపోతే కథ ఏమయ్యేది? కోటీశ్వరుడు కాబట్టి సహాయకుడిని పెట్టుకోవడం సమస్యే కాలేదు. మామూలు ఇళ్లలో ఆ భారం ఎక్కువగా అమ్మదో, భార్యదో.

హాస్య సన్నివేశాల్లో మాత్రం నవ్వు ఎవరి మీదో గమనించండి. అతను వేసిన జోకుకు నవ్వడం వేరు, అతని శరీరాన్ని చూసి నవ్వడం వేరు.