నీటి పొదుపుపై వీధి నాటకం స్క్రిప్టు, స్పాన్సర్లకు ఇచ్చే దాని ఇంగ్లిష్ సారాంశం ఎలా రాయాలి?

ముందు గొడవ వెతకండి. ‘నీరు పొదుపు చేయండి’ అనేది నినాదం, దాని మీద నాటకం నడవదు. కారుతున్న కుళాయికి వాషర్ ఎవరు మార్చాలని ఇంటి యజమాని, అద్దెకున్నాయన పోట్లాడుకుంటే నడుస్తుంది. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉండాలి. ఒకరిని పూర్తిగా దుర్మార్గుడిని చేస్తే జనం నవ్వేసి, తమకు సంబంధం లేదనుకుంటారు.

నిడివి పదిహేను నిమిషాలు, నటులు ఐదారుగురు చాలు. మొదటి రెండు నిమిషాలు డప్పు, కేకలు, హాస్యమే ఉండాలి. జనం ఇంకా గుమిగూడుతుంటారు కాబట్టి అప్పుడు చెప్పిన ముఖ్యమైన మాట గాలికి పోతుంది. ఆ తర్వాత గొడవ మొదలుపెట్టండి.

‘‘చుక్కే కదా పడేది!’’
‘‘చుక్కే కదా, మార్చండి మరి!’’
‘‘ఇల్లు నాది, వాడేది నువ్వు!’’

మైకు ఉండదు కాబట్టి ఒక్కో డైలాగు ఒక్క ఊపిరిలో అరవగలిగేంత పొట్టిగా ఉండాలి. ప్రేక్షకులు చుట్టూ ఉంటారు, నటుడి వీపు ఎప్పుడూ ఎవరో ఒకరి వైపే ఉంటుంది. అందుకే కీలకమైన మాటను బృందం మరోవైపు తిరిగి మళ్లీ అనేలా రాయండి. నాలుగైదు నిమిషాలకోసారి గొడవ ఏమిటో ఎవరో ఒకరు గుర్తుచేస్తే మధ్యలో వచ్చినవాళ్లకూ కథ అందుతుంది.

లెక్కను చెప్పకండి, చూపించండి. చుక్క సుమారు పావు మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకొకటి చొప్పున రోజుకు 86,400 చుక్కలు, అంటే 21 లీటర్లకు పైనే. ఈ అంకెలు ఎవరికీ గుర్తుండవు. బృందం ‘‘టప్... టప్...’’ అంటుండగా ఒకడు 20 లీటర్ల క్యాన్‌ను ఈడ్చుకొచ్చి ఇద్దరి మధ్య పెడితే చాలు. క్యాన్ ఖాళీదైనా ఫర్వాలేదు, నటుడు బరువు మోస్తున్నట్టు నటించాలి. నీటి మీద నాటకమాడుతూ నీళ్లు ఒలకబోస్తే మొదటి ప్రశ్న మీకే వస్తుంది!

చివర్లో ‘‘ఎవరు మార్చాలి?’’ అని జనాన్నే అడగండి. యజమాని అన్నా, అద్దెదారు అన్నా, అసలెవరూ నోరు విప్పకపోయినా నటుడు ఏమనాలో మూడు రకాలుగా రాసిపెట్టుకోండి. మౌనానికి జవాబు రాయకపోవడం వల్లే చాలా నాటకాలు అక్కడ చతికిలబడతాయి. రాయడం అయ్యాక, గడియారం పెట్టుకుని ఆరుబయట గట్టిగా చదవండి. వెనక వరుస దూరంలో నిలబడ్డవారికి వినిపించని వాక్యాలను కొట్టేయండి.

స్పాన్సర్ల కోసం ఇంగ్లిష్ సారాంశం స్క్రిప్టు పూర్తయ్యాకే రాయాలి, నూటయాభై పదాలు దాటకూడదు. మొదటి వాక్యంలో గొడవ, రెండోదాంట్లో క్యాన్ దృశ్యం, తర్వాత జనాన్ని అడిగే ప్రశ్న చెప్పండి. ఆపై నిడివి, నటుల సంఖ్య, ఎన్ని ప్రదర్శనలు, ఎక్కడెక్కడ, డబ్బు దేనికి ఖర్చవుతుందో రాయండి. తెలుగు చమత్కారాలను అనువదించే శ్రమ పడొద్దు, అక్కడ ఏం జరుగుతుందో చెబితే చాలు. ‘ఇంత నీరు ఆదా అవుతుంది’ అని మాటివ్వకండి, ఎంతమంది చూస్తారని మీ అంచనానో చెప్పండి. స్పాన్సర్ పేరు బ్యానర్ మీద ఉండొచ్చు గానీ పాత్రల నోట రాదని కూడా అందులోనే రాసేస్తే తర్వాత పేచీ ఉండదు.