పాత పెన్షన్, సీపీఎస్: ఉద్యోగి చేతికి ఎంత, ఖజానా మీద ఎంత? లెక్క ఎలా వేయాలి?

హనుమకొండలోని మా ఇంట్లో ఈ రెండు పెన్షన్ విధానాలూ ఉన్నాయి. మా నాన్న ఉపాధ్యాయుడిగా రిటైరై ప్రతి నెలా పెన్షన్ తీసుకుంటున్నారు. అన్న 2002లో ఉపాధ్యాయుడిగా చేరాడు కనుక అతనికీ పాత పెన్షనే వర్తిస్తుంది. చెల్లెలు 2010 డిసెంబరులో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరింది కనుక ఆమె సీపీఎస్‌లో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1, ఆ తర్వాత ఉద్యోగంలో చేరినవారందరికీ కాంట్రిబ్యూటరీ పెన్షన్ వర్తించింది. తెలంగాణ ఏర్పడ్డాక కూడా అదే కొనసాగింది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఇరవై ఎనిమిదో ఏట ఉద్యోగంలో చేరి, అరవై ఒకటో ఏట దిగిపోయేవారే. ఇద్దరిదీ సరిగ్గా 33 ఏళ్ల సర్వీసు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకుంటే రెండు విధానాల తేడా కాగితం మీదే కనిపిస్తుంది. గ్రాట్యుటీ, సెలవుల నగదు ఈ లెక్కలోకి తేవడం లేదు.

మొదటి మెట్టు: ముందుగా ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోండి

పాత పెన్షన్ ఉద్యోగికి సర్వీసు రిజిస్టరు సరిగ్గా ఉంటే చాలు, ఎందుకంటే అక్కడ ప్రభుత్వం ఇస్తానన్నది ఒక నిర్ణీత ప్రయోజనం. సీపీఎస్‌లో నిర్ణీతమైనది చందా మాత్రమే: ఉద్యోగి మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో 10 శాతం కోత, దానికి సమానంగా ప్రభుత్వ వాటా. చివరికి ఎంత వస్తుందన్నది ఎవరూ హామీ ఇవ్వరు. అందువల్ల ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబరుతో లాగిన్ అయి, లావాదేవీల స్టేట్‌మెంట్ తీసుకుని, నెలనెలా పే స్లిప్పులోని కోతతో పోల్చి చూడాలి. ప్రతి నెలా రెండు జమలు, అంటే ఉద్యోగి వాటా ఒకటి, ప్రభుత్వ వాటా ఒకటి, కనిపించాలి. డీఏ బకాయిల్లోంచి ప్రాన్‌కు వెళ్లవలసిన 10 శాతాన్ని కూడా విడిగా వెతకండి. అది తప్పిపోతే సాధారణంగా ఎవరూ గమనించరు.

మా చెల్లెలి స్టేట్‌మెంట్‌లో 2013లో రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. పే స్లిప్పులో కోత ఉంది, ఖాతాలో జమ లేదు. ఆమె పనిచేసిన ఒక కార్యాలయం పంపిన షెడ్యూలులో తప్పు దొర్లింది. అప్పట్లో రెండు వాటాలూ కలిపి నెలకు దాదాపు రూ. 3,700, అంటే రెండు నెలలకు రూ. 7,400. చిన్న మొత్తమే కదా అనిపిస్తుంది. కానీ ఏడాదికి 9 శాతం చొప్పున పెరిగితే అదే డబ్బు ఆమె రిటైరయ్యే 2043 నాటికి సుమారు రూ. 98 వేలు అవుతుంది. సర్వీసు తొలి ఏళ్లలో పోయిన నెలకు ఇంత బరువు ఉంటుంది కనుక పరిశీలన వెనకనుంచి కాకుండా మొదటి నెల నుంచే మొదలుపెట్టాలి.

రెండో మెట్టు: రూపాయలు వదిలి, చివరి జీతంతో కొలవండి

2043లో జీతం ఎంత ఉంటుందో ఊహించి లక్షలు, కోట్లు వేస్తే ఆ అంకెలు కళ్లు చెదరగొడతాయి తప్ప అర్థం కావు. అందుకే కొలమానాన్ని మార్చుకుందాం. రిటైరయ్యే నాటి జీతం, అంటే మూలవేతనమూ డీఏ కలిపి, దాన్ని ఒకటిగా తీసుకుని, మిగతావన్నీ “ఎన్నేళ్ల జీతానికి సమానం” అనే లెక్కలో చూద్దాం.

చెల్లెలి ఖాతాలోకి ప్రతి ఏడాదీ ఆ ఏటి జీతంలో 20 శాతం వెళ్తుంది. ఫండ్ రాబడి, ఆమె జీతం పెరుగుదల ఒకే రేటుతో సాగితే, 2011లో వేసిన చందా కూడా జీతంతో పాటే పెరిగి చివరికి చివరి జీతంలో 20 శాతంగానే నిలుస్తుంది. కనుక 33 ఏళ్లకు 33 × 0.20, అంటే 6.6 ఏళ్ల జీతం. రాబడి జీతం కన్నా ఏటా రెండు శాతం ముందుంటే ఇది సుమారు 9.2 ఏళ్ల జీతం అవుతుంది. రెండు శాతం వెనకబడితే 4.9కు దిగిపోతుంది. రాబడి ఎంత వచ్చిందన్న ఒక్క ప్రశ్నతో తృప్తిపడేవారు పొరపడేది ఇక్కడే. 9 శాతం మంచి రాబడే, కానీ జీతం ఎంత వేగంగా పెరిగిందో తెలియకుండా ఆ మాట చెప్పలేం.

ఉపాధ్యాయుల స్కేలునే చూడండి. సెకండరీ గ్రేడ్ టీచరు స్కేలు మొదటి మెట్టు 2010 వేతన సవరణలో, అంటే పీఆర్సీలో, రూ. 10,900, 2015లో రూ. 21,230, 2020 పీఆర్సీలో రూ. 31,040. కాగితం మీద ఇవి 2008, 2013, 2018 జూలై 1 నుంచి నోషనల్‌గా అమలైన స్కేళ్లు. అప్పటి వరకు ఉన్న డీఏ కలిసిపోయింది కనుక మొదటి అంకెను, చివరి అంకెను నేరుగా పోల్చవచ్చు: పదేళ్లలో 2.85 రెట్లు, అంటే ఏటా దాదాపు 11 శాతం. ఇంక్రిమెంట్లు, పదోన్నతులు దీనికి అదనం. పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ సీపీఎస్ ఉద్యోగి జీతం సంతోషంగా పెరుగుతుంది, అదే సమయంలో అప్పటిదాకా దాచిన నిధి ఆ జీతంతో పోలిస్తే చిన్నదైపోతుంది. పాత పెన్షన్‌లో అది ఉద్యోగికి లాభం, ఎందుకంటే లెక్క చివరి జీతం మీదే కడతారు. రాబోయే పీఆర్సీలు ఇంత ఉదారంగా ఉంటాయని నేను అనుకోను కనుక, మధ్యస్థంగా 6.6నే పట్టుకుని ముందుకు వెళ్దాం.

మూడో మెట్టు: అన్న పెన్షన్ ఎన్నేళ్ల జీతానికి సమానమో చూడండి

పూర్తి సర్వీసు ఉన్న అన్నకు చివరి మూలవేతనంలో సగం పెన్షన్, దాని మీద డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం, వస్తాయి. అంటే మన కొలమానంలో ఏటా అర్ధ సంవత్సరపు జీతం. అతను రిటైరయ్యాక ఇరవై ఏళ్లు, ఆ తర్వాత వదిన ఇంకో అయిదేళ్లు జీవిస్తారని అనుకుందాం. అతనికి 20 × 0.50, అంటే 10 ఏళ్ల జీతం. వదినకు కుటుంబ పెన్షన్ 30 శాతం చొప్పున 5 × 0.30, అంటే 1.5. మొత్తం 11.5 ఏళ్ల జీతం. పెన్షన్ కోసం ఎక్కడైనా డబ్బు దాచి ఉంటే అది కూడా పెన్షన్ పెరిగే వేగంతోనే పెరుగుతుందనుకుని వేసిన లెక్క ఇది. దాచిన డబ్బు ఏటా రెండు శాతం ఎక్కువ వేగంతో పెరిగితే 11.5 కాస్తా 9.1కి తగ్గుతుంది.

ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. రాబడి రెండు శాతం ముందుంటే చెల్లెలి నిధి 9.2, అన్నకు కావలసినది 9.1, అంటే రెండూ ఇంచుమించు సమానం. రెండూ ఒకే వేగంతో పెరిగితే 6.6కు ఎదురుగా 11.5. సీపీఎస్ మంచిదా, చెడ్డదా అన్న వాదనలో ఇరువైపులవారూ తమకు నచ్చిన రాబడిని ఎంచుకుని గెలుస్తున్నారని నాకు అనిపించడానికి కారణం ఇదే.

నాలుగో మెట్టు: మొదటి నెల పెన్షన్ చూసి మోసపోకండి

రిటైరయ్యేటప్పుడు చెల్లెలు నిధిలో 60 శాతం వరకు ఒకేసారి తీసుకోవచ్చు, కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే జీవితాంతం నెలనెలా డబ్బిచ్చే పథకం, కొనాలి. 6.6లో 40 శాతం అంటే 2.64. యాన్యుటీ రేటు 6.5 శాతం అనుకుంటే నెలనెలా చివరి జీతంలో 17 శాతం వస్తుంది. చేతికొచ్చిన డబ్బు కూడా పెట్టి మొత్తంతో యాన్యుటీ కొంటే 43 శాతం. అన్న 50 శాతం పక్కన 43 శాతం పెద్ద తేడా కాదనిపిస్తుంది. అయితే ఆ 43 శాతం జీవితాంతం అదే అంకె. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు దాని కొనుగోలు శక్తి సగమైపోతుంది, అన్న పెన్షన్ మాత్రం డీఆర్‌తో ఎక్కుతూనే ఉంటుంది. కొనే ముందు అడగవలసిన ప్రశ్న “నెలకెంత?” కాదు, “పన్నెండో ఏట నెలకెంత?” భార్య లేదా భర్తకు కొనసాగే యాన్యుటీ, కొన్న ధర వారసులకు తిరిగి వచ్చే యాన్యుటీ ఎంచుకుంటే రేటు ఇంకా తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

అయిదో మెట్టు: ఇప్పుడు ఖజానా వైపు నుంచి చూడండి

చెల్లెలి కోసం ప్రభుత్వం పెట్టేది 33 × 0.10, అంటే 3.3 ఏళ్ల జీతం. అన్న కోసం పెట్టేది 11.5. నిష్పత్తి మూడున్నర రెట్లు. రాష్ట్రాలన్నీ పాత పెన్షన్‌కు తిరిగి వెళ్తే మొత్తం భారం ఎన్‌పీఎస్‌తో, అంటే సీపీఎస్ తరహా జాతీయ పెన్షన్ విధానంతో, పోలిస్తే 4.5 రెట్ల వరకు చేరవచ్చని 2023 సెప్టెంబరు రిజర్వు బ్యాంకు బులెటిన్‌లోని వ్యాసం అంచనా వేసింది. మన ఇంటి లెక్క ఆ దిశలోనే ఉంది.

కానీ మొత్తం ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే ఈ విషయంలో కీలకం. మా ఇంటినే ఖజానా కళ్లతో చూడండి. నాన్నకు పెన్షన్ ఇవ్వాలి. అది 2004కు ముందు ఇచ్చిన మాట. అన్న కోసం ఇప్పుడు ఏమీ పెట్టనక్కర్లేదు, పైగా జీపీఎఫ్ అనే భవిష్య నిధికి అతని జీతంలోంచి పోయే కోత ప్రభుత్వ ఖాతాలోకే వస్తుంది, వడ్డీతో తిరిగి ఇవ్వవలసిన అప్పే అయినా నేడు వాడుకోవడానికి అందుబాటులో ఉంటుంది. చెల్లెలి కోసం మాత్రం ప్రతి నెలా 10 శాతం నగదు రాష్ట్రం చేయి దాటి బయటి ఫండ్‌కు పోతుంది. అంటే నాన్న పెన్షనూ, చెల్లెలి వాటా కూడా ఒకేసారి కట్టాలి. సీపీఎస్ మొదలైన తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఖర్చు తగ్గకపోగా పెరగడానికి కారణం ఈ రెండు వైపుల భారమే.

ఇప్పుడు సీపీఎస్ రద్దు చేస్తే ఏమవుతుందో ఇదే లెక్క చెబుతుంది. చెల్లెలి జీతం లక్ష అనుకుంటే, ఆ నెల నుంచే ప్రభుత్వానికి రూ. 10 వేలు మిగులుతాయి. ఆమె కోత జీపీఎఫ్‌గా మారితే ఇంకో రూ. 10 వేలు వాడకానికి దొరుకుతాయి. 2043 దాకా పెన్షన్ బిల్లు ఉండదు. ఆ తర్వాత నేటి జీతంలో చూసినా నెలకు రూ. 50 వేలు, డీఆర్ కలుపుకుంటూ, ఇరవై ఏళ్లకు పైగా. ఈ మధ్యలో మూడు నాలుగు ఎన్నికలు జరిగిపోతాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలు పాత పెన్షన్ ప్రకటించినప్పుడు ఇప్పటికే ఫండ్లలో చేరిన డబ్బును రాష్ట్రాలకు తిరిగి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని కేంద్రం చెప్పింది. అంటే పాత నిధి చేతికి రాదు, భవిష్యత్తు బిల్లు మాత్రం తప్పదు.

ఆరో మెట్టు: మధ్యేమార్గాన్ని కూడా ఇదే కొలమానంతో కొలవండి

కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తన ఉద్యోగులకు తెచ్చిన యూపీఎస్, అంటే యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్‌లో ఉద్యోగి 10 శాతం, ప్రభుత్వం 18.5 శాతం కడతాయి. 25 ఏళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం హామీ. 33 ఏళ్లకు 28.5 శాతం చొప్పున కడితే 9.4 ఏళ్ల జీతం. 25 ఏళ్లకైతే 7.1 మాత్రమే. హామీ మాత్రం రెండింటికీ ఒకటే. 25 ఏళ్లకే దిగిపోయేవారు ఎక్కువైతే, రాబడి జీతాల వెనకబడితే, ఆ లోటు మళ్లీ ఖజానాయే పూడ్చాలి.

మీ లెక్క వేసుకునేటప్పుడు చేరిన తేదీ, 33కు బదులు మీ సర్వీసు ఏళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లు బతికిన వయసును బట్టి పెన్షన్ ఏళ్లు మార్చుకుంటే సరిపోతుంది. పీఆర్సీ వచ్చిన ఏడాది మాత్రం ప్రాన్‌లోని నిల్వను కొత్త వార్షిక జీతంతో భాగించి మళ్లీ చూడండి. అంతకుముందు నాలుగుగా ఉన్న అంకె మూడుకు పడిపోతే, నిధిలో ఒక్క రూపాయీ తగ్గకపోయినా మీరు వెనకబడినట్టే.