పెంకుటింటి మీద సోలార్ ప్యానెళ్లు: హుక్కు కింద పెంకు పగిలి ఇల్లు కారుతుంటే

ప్యానెళ్లు బిగించిన రోజు అంతా బాగానే ఉంటుంది. తొలకరికి ఒక్క చుక్క రాదు. శ్రావణంలో గాలివాన పడిన రాత్రి గదిలో ఓ మూల టప్ టప్ మంటూ మొదలవుతుంది. మర్నాడు ఎవరో నిచ్చెనెక్కి, కనబడిన ప్రతి సందులోనూ సిలికాన్ పూసి దిగుతారు. పది రోజులకి మళ్ళీ అదే చోట చుక్క.

మంగళూరు పెంకుల కప్పు మీద, మనవైపు బెంగుళూరు పెంకులనేవీ ఇవే, హుక్కులతో ప్యానెళ్లు పెట్టినప్పుడు వచ్చే కారుడులో ఎక్కువ భాగం ఒకే తప్పు వల్ల వస్తుంది. వాసానికి బిగించి ప్యానెళ్లని మోసే హుక్కు చేయి, కింది వరస పెంకుకి ఆనుతుంది. సిలికాన్ పూసేవాళ్ళలో ఎక్కువమంది హుక్కు మీది పెంకు ఎత్తి దాని కింద ఏముందో చూడనే చూడరు. ముందు చేయవలసింది ఆ ఒక్క పనే.

చుక్క ఒకచోట, పగులు ఇంకోచోట

ఈ కప్పులో పెంకు కింద తారుకాగితం గానీ షీటు గానీ ఉండదు. పెంకు దాటిన నీళ్ళు, పెంకులు ఆనే అడ్డబద్ద అయిన రీపరు మీదో వాసం పక్కనో జారి, అడ్డు తగిలిన చోట చుక్కగా పడతాయి. కాబట్టి చుక్క పడే చోటి పెంకుని మార్చి లాభం లేదు. అక్కణ్ణించి కొప్పు వైపు, వాసం వెంటే రెండు మూడు వరసలు పైకి వెతకాలి. పగలు లోపల్నించి టార్చి వేసి పెంకుల అడుగు చూడండి. పగిలిన పెంకు అడుగున సన్నటి తడి గీత గానీ, ఆరిపోయిన నల్లటి చార గానీ కనిపిస్తుంది. సీలింగు వేసిన ఇల్లయితే ఒక పలక విప్పాల్సిందే.

కనబడకపోతే నీళ్ళు పోసి చూడాలి. లోపల ఒకరు ఉండాలి, పైన ఒకరు. చూరు వైపునుంచి మొదలుపెట్టి, ఒక్కో వరస మీద ఐదు నిమిషాలు చెంబుతో నెమ్మదిగా పోస్తూ పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని వరసల మీదా పారి, ఏది కారుతోందో తెలియదు. పైపు పెట్టి కింది నుంచి పైకి చిమ్మితే బాగున్న పెంకూ కారుతుంది.

అనుమానం ప్యానెల్ కిందున్న హుక్కు మీదైతే ఆ ఒక్క ప్యానెల్ విప్పాలి. ముందు ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ స్విచ్ కూడా ఆపి, ఆ తర్వాతే కనెక్టర్లు ఊడదీయండి. ఎండలో ప్యానెల్ తీగల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

అసలు దొంగ: ఆనుకున్న హుక్కు చేయి

హుక్కు పాదం పెంకుల కింద, వాసం మీద ఉంటుంది. చేయి అక్కణ్ణించి లేచి, కింది వరస పెంకు తల దాటి, పై వరస పెంకు కింది అంచు సందులోంచి బయటికొస్తుంది. దానికి ప్యానెళ్లు కూర్చునే రెయిల్ బిగిస్తారు. బరువంతా పాదం ద్వారా వాసానికి దిగాలి, పెంకు మీద ఒక్క కిలో కూడా పడకూడదు. చేయికీ, దాని కింద పెంకుకీ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలమనేది అందుకే.

బిగించేటప్పుడు ఈ సందు ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి బరువు లేదు. ప్యానెళ్లు ఎక్కాక చేయి ఒక మిల్లీమీటరు వంగుతుంది. పాదం కింద వాసం ఎగుడుదిగుడుగా ఉంటే పాదమే ముందుకి ఒరిగి మరో మిల్లీమీటరు పోతుంది. పనివాళ్ళు ప్యానెళ్లు పైకి చేరవేస్తూ హుక్కు మీద కాలు పెట్టి ఎక్కితే, ఆ ఒక్క అడుగుతోనే చేయి శాశ్వతంగా వంగిపోవచ్చు. హుక్కు మెట్టు కాదని పని మొదలెట్టే ముందే గట్టిగా చెప్పాలి. మిగిలిన సందుని గాలి పూర్తిచేస్తుంది. చేయి పెంకుని కొడుతూ కొడుతూ, చివరికి ఏదో ఒక విసురుకి పెంకు చిట్లుతుంది. ఆ చీలిక సరిగ్గా చేయి నీడలో, పై పెంకు కప్పిన చోట ఉంటుంది కాబట్టి పైనుంచి ఎంత చూసినా కనబడదు.

గాలి ఎంత నొక్కుతుందో ఒక లెక్క చూడండి. మూడు కిలోవాట్ల కోసం 540 వాట్ల ప్యానెళ్లు ఆరు నిలువుగా పెట్టారనుకుందాం. ఒక్కోటి సుమారు 28 కిలోలు, రెయిళ్ళతో కలిపి మొత్తం 200 కిలోలు. వరస పొడవు 6.9 మీటర్లు, వైశాల్యం పదిహేనున్నర చదరపు మీటర్లు. వాసాలు 60 సెంటీమీటర్లకొకటి ఉన్నాయి. వాసం విడిచి వాసానికి హుక్కు పెడితే రెయిల్‌కి ఆరు, మొత్తం పన్నెండు. మామూలు రోజున హుక్కుకి 17 కిలోలే. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖ, విజయవాడలకి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకి 150 కిలోల దాకా వస్తుంది. అందులో సగమే కిందికి నొక్కినా ఒక్కో హుక్కు మీద దాదాపు 100 కిలోలు. ప్రతి వాసానికీ పెడితే హుక్కులు 24 అవుతాయి, భారం సగానికి తగ్గుతుంది. కోస్తాలో వాసం విడిచి పెట్టడం తప్పు. హైదరాబాదులో గాలి వేగం 44 మీటర్లే అయినా, వరస రెండు చివర్లలో మాత్రం ప్రతి వాసానికీ పెట్టడం మేలు.

సరిచేసే పద్ధతి

హుక్కు విప్పి, పాదం కింద దిమ్మ పెట్టి ఎత్తు పెంచాలి. దిమ్మ మందం అంచనాగా కాదు, కొలిచి తేల్చుకోవాలి. పై పెంకు తీసి, వాసం పైతలం నుంచి కింది పెంకు మీద చేయి వచ్చే చోటు దాకా స్కేలుతో ఎత్తు చూడండి. అది 58 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. సందు కోసం 5 కలిపితే 63. హుక్కు పాదం అడుగు నుంచి చేయి అడుగుకి ఎత్తు 45 అయితే తేడా 18. అంటే నీళ్ళకి ఉబ్బని రకం 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఒకటి, పాదమంత వెడల్పు కోసి పెట్టాలి. రెండు మూడు పల్చటి ముక్కలు పేర్చకండి, అవి జరుగుతాయి.

స్క్రూలు హుక్కుకి కనీసం రెండు, 8 మిల్లీమీటర్ల లావు, స్టెయిన్‌లెస్ స్టీలువి. పొడవు లెక్క కూడా దిమ్మతో పాటే మారుతుంది: పాదం 6, దిమ్మ 18, చెక్కలో కనీసం 60, మొత్తం 84. కాబట్టి 100 మిల్లీమీటర్ల స్క్రూ వాడాలి. పాత 80 స్క్రూనే మళ్ళీ వేస్తే పట్టు తగ్గుతుంది. ముందు 5 మిల్లీమీటర్ల బిట్టుతో బెజ్జం వేయకపోతే పాత టేకు వాసం నిలువునా చీలుతుంది. వాసం వెడల్పుకి సరిగ్గా మధ్యలో వేయండి. తాటి వాసమైతే ఇంకో జాగ్రత్త. తాటికి చేవ అంతా బయటి నల్లటి పొరలోనే ఉంటుంది, లోపల మెత్తటి పీచు. స్క్రూ ఆ పీచులో దిగితే చేత్తో తిప్పినా ఊడొస్తుంది. బెజ్జం వేసేటప్పుడు నల్లటి గట్టి పొడి వస్తే చేవ తగిలినట్టు, తెల్లటి పీచు వస్తే చోటు మార్చాలి.

హుక్కుని రీపరుకి బిగించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న ఆ బద్ద పెంకులు మోయడానికే పుట్టింది. వాసం ఉన్నచోట పెంకు పల్లం రాక, గట్టు వస్తే పాదాన్ని పక్కకి జరపగల హుక్కు వాడండి, లేదా రెండు వాసాల మధ్య అడ్డకర్ర బిగించి దాని మీద పెట్టండి. చేయి పల్లంలోంచే రావాలి.

ఎత్తు పెంచాక పై పెంకు చేయి మీద కూర్చుని పైకి లేస్తుంది. ఆ లేచిన సందులోంచి గాలికి జల్లు లోపలికి కొడుతుంది. దీనికి పై పెంకు అడుగున, కింది అంచు దగ్గర గాడి కోయాలి. వెడల్పు చేయి కంటే అటూ ఇటూ 5 మిల్లీమీటర్లు ఎక్కువ, లోతు పెంకు మందంలో సగానికి మించకూడదు. నాలుగంగుళాల గ్రైండర్, డైమండ్ బ్లేడు, మూతికి మాస్కు. పెంకుని కిందికి దించి నేల మీదే కోయండి, కప్పు మీద కోస్తే ఆ అదురుకి పక్క పెంకులు చిట్లుతాయి. కింది పెంకు తల మీదున్న అడ్డగట్టు జోలికి వెళ్ళొద్దు. గాలికి ఎదురెక్కే నీళ్ళని ఆపేది అదే. పెంకు తిరిగి పెట్టాక పక్క పెంకులతో సమంగా, చేత్తో నొక్కితే కదలకుండా కూర్చోవాలి.

ప్యానెళ్లు ఎక్కించాక మళ్ళీ చూడండి. 3 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ బద్దని చేయికీ పెంకుకీ మధ్య దూర్చండి, ఒకరు రెయిల్‌ని రెండు చేతులతో కిందికి నొక్కుతుండగా అది సులువుగా అటూ ఇటూ ఆడాలి. పట్టేస్తే దిమ్మ చాలలేదు. కింది రెయిల్ హుక్కులు చూరు వైపునుంచి చూడొచ్చు. పై రెయిల్‌వి మాత్రం ఒక్కో ప్యానెల్ రెయిళ్ళ మీద పెట్టే ముందే చూసుకుంటూ పోవాలి, తర్వాత మన చేయి దూరదు.

పగిలిన పెంకు బదులు వేసేటప్పుడు అదే అచ్చు పెంకు వెతకండి. ఒక కంపెనీ గాడిలో ఇంకో కంపెనీ పెంకు సరిగా కూర్చోదు. కంపెనీ పేరు పెంకు అడుగున అచ్చుగా ఉంటుంది, ఆ ముక్క పట్టుకుని పాత పెంకుల కొట్టుకి వెళ్ళండి. పని మొదలుపెట్టే ముందే ఇరవై దాకా అదనంగా తెచ్చుకోవాలి. దిమ్మ మార్చినా అదే చోట మళ్ళీ పగిలితే, ఆ ఒక్క పెంకు స్థానంలో రేకుల పనివాళ్ళ చేత పెంకు ఆకారంలో వంచిన అల్యూమినియం రేకు వేయించండి.

సిలికాన్ ఎందుకు పనికిరాదు

పాచి, దుమ్ము పట్టిన మట్టి పెంకుకి అది అంటుకోదు, ఒక వేసవి ఎండకే పొరగా లేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, పల్లంలో పారే నీటికి అది అడ్డుకట్ట అవుతుంది. నీళ్ళు నిలిచి పై పెంకు కిందికి ఎదురెక్కుతాయి. ఇంతకుముందు ఎవరైనా పూసి ఉంటే గీకి తీసేయండి.

హుక్కుకి దూరంగా పగిలితే

అది నడక వల్ల. పెంకు నడుమ కాలు పెడితే విరుగుతుంది. కొప్పుకి కట్టిన వెదురు నిచ్చెన కింద గోనెసంచులు పరిచి, దాని మీదనే తిరగాలి. అది కుదరని చోట పెంకులు తీసి వాసం మీద కాలు వేయండి.

మిగిలినవి అరుదు. కోతులు పెంకు జరపడం, కొప్పు పెంకుల సున్నం బీటవారడం, హుక్కు దగ్గర ఆకులు పేరుకోవడం, వైరు వెంట నీళ్ళు దిగడం. మొదటి మూడూ చూడగానే తెలుస్తాయి. వైరుని లోపలికి దూర్చే ముందు కిందికి ఒక వంపు వదిలితే నీళ్ళు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

ఇక వాసాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూసినప్పుడు మొన లోపలికి దిగిపోయిందంటే చెదలు పట్టిందో పుచ్చిపోయిందో అన్నమాట. ఆ వాసం మార్చేదాకా దాని మీద హుక్కు పెట్టకండి.