సగం బస్సు సమాధానం వచ్చినప్పుడు: రూట్ల మోడల్‌కు కటింగ్ ప్లేన్ చేర్చడం

ఒక కాలేజీకి హైదరాబాద్‌లో మూడు రూట్లున్నాయి అనుకుందాం: ఉప్పల్, మియాపూర్, కోఠి. ఉదయం ఉన్న సమయంలో ఒక బస్సు రెండు ట్రిప్పులే కొట్టగలదు. ఒక్క రూటే తిరిగితే అద్దె రూ. 4000, రెండు తిరిగితే రూ. 5000. ప్రతి రూటుకూ సరిగ్గా ఒక బస్సు వెళ్లాలి, మొత్తం అద్దె వీలైనంత తగ్గాలి. ఉప్పల్, మియాపూర్ రెండూ తిరిగే బస్సును `UM` అందాం. అలాగే `MK`, `KU`. ఒక్క రూటే తిరిగేవి `U`, `M`, `K`.

సమస్య: బస్సులు సగాల్లో వస్తున్నాయి

పూర్ణాంక షరతు తీసేసి, భిన్నాలనూ ఒప్పుకునే లీనియర్ ప్రోగ్రామ్‌గా, అంటే ఎల్‌పీగా నడిపితే `UM`, `MK`, `KU` మూడూ 0.5 అని వస్తాయి. ఖర్చు రూ. 7500. లెక్క ప్రకారం తప్పేమీ లేదు, ప్రతి రూటుకూ రెండు సగాలు కలిసి ఒక బస్సు అయింది. కానీ సగం బస్సును రోడ్డు మీదికి పంపలేం. పైకి రౌండ్ చేస్తే మూడు బస్సులు, రూ. 15000, పైగా ప్రతి రూటుకూ రెండేసి బస్సులు. కిందికి చేస్తే ఒక్క బస్సూ మిగలదు.

ముందు ఒక్క విషయం చూసుకోండి. విలువ 0.9999998 లాంటిదైతే అది భిన్నం కాదు, కంప్యూటర్ లెక్కల్లో వచ్చే చిన్న తేడా. దానికి కట్, అంటే భిన్న సమాధానాన్ని కోసేసే కటింగ్ ప్లేన్ షరతు, అక్కర్లేదు.

కారణం

మూడు రూట్ల సమీకరణాలనూ కూడి చూడండి. జంట బస్సు ఒక్కొక్కటీ రెండు రూట్లలో ఉంటుంది కాబట్టి రెండుసార్లు వస్తుంది:

```
2(UM + MK + KU) + U + M + K = 3
```

ఒంటరి బస్సుల సంఖ్య సున్నా కంటే తగ్గదు. అంటే జంట బస్సులు మొత్తం 1.5కి మించవు. ఎల్‌పీ అక్కడిదాకా వెళ్లి ఆగింది, ఎందుకంటే 1.5 కుదరదని దానికి ఎవరూ చెప్పలేదు. బస్సుల సంఖ్య పూర్ణాంకం కాబట్టి 1.5 లోపు అంటే నిజానికి 1 లోపు. నిజంగానే, ఏ రెండు జంటలు తీసుకున్నా ఒక రూటు రెండింటిలోనూ ఉంటుంది. ఎల్‌పీకి తెలియని ఆ ఒక్క మాటే మనం చేర్చాల్సిన కట్.

పరిష్కారం

పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ వాడుతుంటే ఒక్క లైను చాలు:

```python
prob += x["UM"] + x["MK"] + x["KU"] <= 1, "cut_UMK"
prob.solve()
```

చేర్చేముందు పాత సమాధానాన్ని అందులో పెట్టి చూడండి: 0.5 + 0.5 + 0.5 = 1.5. ఇది 1 కంటే ఎక్కువ కాబట్టి కట్ ఆ సమాధానాన్ని కొట్టేస్తుంది. ఇక్కడ 1 లోపే వస్తే మీ కట్ సరైనదే కావచ్చు, కానీ ఈ సమాధానాన్ని తీసేయదు. ఎన్ని కట్లు చేర్చినా ఖర్చు అంకె కదలడం లేదని టెన్షన్ పడేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే.

మళ్లీ నడిపితే ఒక జంట, ఒక ఒంటరి బస్సు వస్తాయి. ఉదాహరణకు `UM`, `K`. ఖర్చు రూ. 9000. అసలు పూర్ణాంక సమాధానం కూడా ఇదే, భిన్నాన్ని 0, 1గా విడగొట్టి చూసే బ్రాంచింగ్ అవసరమే రాలేదు. పెద్ద మోడల్‌లో ఒక్క కట్‌తో ఇలా తేలిపోదు. వేరే మూడు రూట్ల దగ్గర మళ్లీ సగాలు రావచ్చు, అప్పుడు ఆ మూడింటికీ ఇదే లెక్క వేయాలి.

సమస్య: కట్ చేర్చాక `Infeasible` అంటోంది

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. బస్సుల యజమాని ఒక్క ట్రిప్పుకు ఒప్పుకోలేదు, జంటలే ఇస్తానన్నాడు అనుకోండి. అప్పుడు ఏదో ఒక రూటుకు రెండు బస్సులు వెళ్లక తప్పదు కాబట్టి మోడల్‌లో `= 1` తీసి `>= 1` పెడతాం. ఎల్‌పీ మళ్లీ అవే సగాలు, అదే రూ. 7500 ఇస్తుంది. అలవాటుగా పాత కట్టే పెడితే మోడల్ ఆగిపోతుంది. `UM`, `MK` రెండూ తీసుకుని రూ. 10000కి పని ముగించే మంచి సమాధానాన్ని మనమే కోసేశాం.

కారణం సులువే. పాత కట్ `= 1` నుంచి పుట్టింది. `>= 1` అయితే కూడిక అటువైపు తిరుగుతుంది: జంటలు కనీసం 1.5, పూర్ణాంకంగా కనీసం 2. పాత లైను తీసేసి ఇది పెట్టండి:

```python
prob += x["UM"] + x["MK"] + x["KU"] >= 2, "cut_UMK"
```

ఇప్పుడు ఎల్‌పీయే రూ. 10000 చూపిస్తుంది. ఒంటరి బస్సులు కూడా మోడల్‌లో ఉంటే `U`, `M`, `K`లను కూడా ఎడమవైపు కలపాలి. వాటిని వదిలేస్తే `UM`, `K` లాంటి రూ. 9000 సమాధానం పోతుంది. ఈసారి `Infeasible` అని కూడా రాదు, రూ. 10000 అని నిశ్శబ్దంగా చూపిస్తుంది. అందుకే ఏ కట్ రాసినా, చేత్తో కట్టిన ఒకటి రెండు పూర్ణాంక సమాధానాలను అందులో పెట్టి అవి నిలుస్తున్నాయో లేదో చూశాకే సాల్వర్‌కు ఇవ్వండి.